బియ్యం సంచి పక్కన ఏం పెట్టాలి?
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



తక్కువ ఖర్చుతో మంచి తిండి గురించి మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను అడిగారు. ఇలాంటి మాట సాధారణంగా పేదవాళ్లకే చెబుతుంటారు. ఈ సభలో కూర్చున్నది మాత్రం ఇచ్చే చేతులు. అందుకని నేను ఒక్క విషయమే తీసుకుంటాను. మనం ప్రతి నెలా వితంతువుల కుటుంబాలకు, అనాథ పిల్లలున్న ఇళ్లకు ఇచ్చే సరుకుల సంచిలో ఏముంటోంది, అదే డబ్బుతో ఏముండవచ్చు? ఈ లెక్క మనం కలిసి వేద్దాం.

మన ఊళ్లలో ఇచ్చే సంచి ఎలా ఉంటుందో మీకు తెలుసు. పది కిలోల బియ్యం, మూడు లీటర్ల నూనె, మూడు కిలోల చక్కెర, అర కిలో టీ పొడి, ఒక కిలో కందిపప్పు, రెండు కిలోల మైదా, ఒక కిలో ఉప్మా రవ్వ. ఎక్కడైనా ఒకటి రెండు వస్తువులు అటూ ఇటూ అవుతాయి. ధరలు నెల నెలా మారుతుంటాయి కాబట్టి లెక్క సులువుగా ఉండడానికి గుండు అంకెలు వేస్తాను. బియ్యం 550, నూనె 450, చక్కెర 135, టీ పొడి 200, కందిపప్పు 130, మైదా 90, రవ్వ 45. మొత్తం 1,600 రూపాయలు.

ఇందులో కడుపు నింపేవి ఉన్నాయి. కండ పెంచేది ఒక్క కిలో కందిపప్పు. చక్కెర, టీ పొడి కలిపి 335 రూపాయలు. అంటే సంచి విలువలో అయిదో వంతు టీ కిందే పోతోంది. ఆ టీతో ఇంకో నష్టం కూడా ఉంది, దాని సంగతి తరువాత చెబుతాను.

ఇప్పుడు ఆ సంచి ఏ ఇంటికి వెళుతుందో చూద్దాం. భర్త పోయిన ఒక తల్లి, ఆమె అత్త, ప్రభుత్వ బడిలో చదివే ఇద్దరు పిల్లలు అనుకోండి. రేషన్ కార్డు ఉంటే మనిషికి నెలకు 5 కిలోల చొప్పున 20 కిలోల బియ్యం ఉచితంగా వస్తాయి. అంటే ఆ ఇంట్లో అన్నానికి కొంత ఆధారం ముందే ఉంది. లేనిది అన్నంలో కలుపుకునేది. తల్లి బీడీలు చుట్టో, కుట్టుమిషన్ తొక్కో, ఇళ్లలో పని చేసో తెచ్చే డబ్బు అద్దెకు, గ్యాస్‌కు, మందులకు పోతుంది. చివరకు మిగిలేది అన్నం, నీళ్లచారు, పచ్చడి. ఈ పిల్లలు ఆకలితో పడుకోరు. అయినా తరగతిలో పదకొండు గంటలకల్లా తల వాల్చేస్తారు. కంటి కింది రెప్ప కొద్దిగా కిందికి లాగి చూస్తే ఎర్రగా ఉండవలసిన చోట తెల్లగా పాలిపోయి ఉంటుంది. అది రక్తహీనతకు ఒక గుర్తు. అలా కనిపిస్తే ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. తిండి ఒక్కటే మందు కాదు, కానీ తిండి మారకుండా మాత్రలు ఒక్కటే నిలబడవు.

సంచిని మార్చి చూద్దాం. డబ్బు అదే 1,600. బియ్యం పది నుంచి ఐదు కిలోలు చేద్దాం, 275 రూపాయలు. నూనె రెండు లీటర్లు, 300. కందిపప్పు ఒక కిలో, 130. శనగపప్పు ఒక కిలో, 85. ఉలవలు ఒక కిలో, 70. చెనక్కాయ విత్తనాలు రెండు కిలోలు, 260. రాగులు మూడు కిలోలు, 120. బెల్లం ఒక కిలో, 60. గుడ్లు 48, ఒక్కొక్కటి ఆరు రూపాయల లెక్కన 288. మొత్తం 1,588. పన్నెండు రూపాయలు మిగిలాయి, వాటితో రెండు మూడు నిమ్మకాయలు వస్తాయి.

మొదటి సంచిలో అన్ని సరుకుల్లో కలిపి మాంసకృత్తులు, అంటే ప్రోటీన్, సుమారు 1,280 గ్రాములు. రెండో సంచిలో సుమారు 2,000 గ్రాములు. ఒకటిన్నర రెట్లు దాటింది. పైగా మొదటి దానిలో సగానికి పైగా బియ్యం నుంచే వస్తుంది. రెండో దానిలో పప్పులు, చెనక్కాయలు, గుడ్ల నుంచి వస్తుంది. రాగులతో సున్నం, అంటే కాల్షియం కూడా చేరింది. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, బియ్యంలో దాదాపు లేనట్టే.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. ఈ మార్పుతో సంచిలోని మొత్తం కేలరీలు కొంత తగ్గుతాయి, ఎందుకంటే బియ్యం, చక్కెర, నూనె తగ్గించాం. రేషన్ బియ్యం అందుతున్న ఇంటికి ఇది సరిపోతుంది. రేషన్ కార్డు లేని ఇల్లు, వేరే ఊరి నుంచి వలస వచ్చిన ఇల్లు, కార్డులో కొందరి పేర్లు ఎక్కని ఇల్లు ఉంటే అక్కడ బియ్యం తగ్గించకూడదు. ముందు కడుపు నిండాలి. కాబట్టి సంచి కట్టే ముందు మన వాలంటీర్లు ప్రతి ఇంట్లో అడగవలసిన మొదటి ప్రశ్న: "అమ్మా, మీ కార్డులో ఎంతమంది పేర్లున్నాయి, నెలకు ఎన్ని కిలోలు వస్తున్నాయి?" రెండు రకాల సంచులు కట్టడం కష్టమేమీ కాదు.

ఇక ఒక్కొక్క వస్తువు గురించి. అన్నిటికంటే ముందు చెనక్కాయ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మన అనంతపురం ఎర్ర నేలల్లో దశాబ్దాలుగా వేస్తున్న పంట ఇదే. వంద గ్రాముల విత్తనాల్లో 25 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. అయినా మన జిల్లా పేద ఇంట్లో అది నూనె రూపంలోనే ఎక్కువగా చేరుతుంది. నూనెలో ప్రోటీన్ ఉండదు. అదంతా గానుగ చెక్కలో మిగిలి పశువులకు పోతుంది. అందుకే ఒక లీటరు నూనె తగ్గించి విత్తనాలు పెట్టమంటున్నాను. రెండు కిలోలు అంటే నలుగురికి కలిపి రోజుకు రెండు పిడికెళ్లు. ఒక పిడికెడు ఊరిబిండికి, ఇంకో పిడికెడు వేయించి బెల్లం ముక్కతో పిల్లల చేతిలో పెట్టడానికి.

కానీ చెనక్కాయలో ఒక ప్రమాదం ఉంది. దాతలు దీన్ని తప్పక తెలుసుకోవాలి, ఎందుకంటే కొనేది మనం. పంట చివరలో బెట్ట తగిలినా, కోసిన కాయ తడిగా కుప్పపడినా, గోదాములో చెమ్మ తగిలినా పసుపుపచ్చ బూజు పడుతుంది. ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. దీన్ని తగ్గించే పద్ధతుల మీద ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు మన జిల్లా రైతుల పొలాల్లోనే పనిచేశారు, అంటే ఇది ఎక్కడో ఉన్న సమస్య కాదు. వేయించినా, ఉడికించినా ఆ విషం పూర్తిగా పోదు. కాబట్టి బూజు పట్టిన దాన్ని కడిగి, ఎండబెట్టి వాడుకోవచ్చు అనుకోకూడదు.

ఎలా గుర్తుపట్టాలి? ఒక పిడికెడు విత్తనాలు తెల్లగుడ్డ మీద పోయండి. ముడతలు పడినవి, చిన్నగా తాలుపోయినవి, రంగు మారి నల్లబడినవి, పచ్చటి పొడి అంటుకున్నవి ఏరి పక్కన పెట్టండి. రెండు మూడు నమిలి చూడండి, చేదుగానో ముక్కగానో ఉంటే ఆ మూట వద్దు. విషం కంటికి కనబడదు, కానీ అది ఎక్కువగా ఇలాంటి విత్తనాల్లోనే చేరుతుంది. అందుకే ఏరడమే ఇంట్లో చేయగలిగిన మంచి జాగ్రత్త. "ఏరిన తరువాత మిగిలిన సరుకు, కిలోకు ముప్పై తక్కువ" అని ఎవరైనా చౌకగా ఇస్తే, ఆ మిగిలినదే ప్రమాదమైన భాగమని గుర్తుంచుకోండి. జకాత్ డబ్బుతో అలాంటి సరుకు కొనకండి.

మంచి పద్ధతి ఏమిటంటే పంట చేతికొచ్చే కార్తీక, మార్గశిర మాసాల్లో, అంటే నవంబరు, డిసెంబరులలో కాయల రూపంలోనే కొనడం. కాయ చెవి దగ్గర ఆడిస్తే గలగలమనాలి. అలా మోగితే బాగా ఎండినట్టు. పొట్టు ఉన్న కాయ నెలల తరబడి నిలుస్తుంది, ఒలిచిన విత్తనం మన ఎండాకాలంలో త్వరగా ముక్కిపోతుంది. మూడు కిలోల కాయలు ఒలిస్తే దాదాపు రెండు కిలోల విత్తనాలు వస్తాయి. గోనె సంచుల్లో, చెక్క బల్లల మీద, గోడకు జానెడు దూరంలో పెట్టాలి. ప్లాస్టిక్ కవర్లలో కట్టేస్తే చెమ్మ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది.

రెండోది ఉలవలు. వాటిని పశువుల దాణా అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. 70 రూపాయల కిలోలో కందిపప్పుతో సమానంగా 22 శాతం ప్రోటీన్ ఉంది, ఇనుము కూడా బాగానే ఉంది. దీని ఇబ్బంది ఉడకడం. నేరుగా పొయ్యి మీద పెడితే గ్యాస్ ఖర్చు ఎక్కువవుతుంది. రాత్రి నానబెట్టి, ఉదయం నీళ్లు వంచేసి, తడిగుడ్డలో మూటకట్టి ఇంకో రోజు ఉంచితే మొలకలు వస్తాయి. మొలకెత్తితే గింజలోని ఇనుము ఒంటికి పట్టడం మెరుగవుతుంది, ఉడకడానికి పట్టే సమయమూ తగ్గుతుంది. కుక్కర్లో ఉడికించాక నీళ్లు పారబోయకుండా ఉలవచారు చేసుకుంటే, గింజలు ఉల్లిపాయతో తాలింపు పెట్టి గుగ్గిళ్లు చేసుకోవచ్చు. ఒకే గింజ రెండు పూటల కూర అవుతుంది. ఎండాకాలంలో మూట ఇరవై నాలుగు గంటలు దాటి ఉంచకండి. జిగురుగా అయి పుల్లటి వాసన వస్తే పారేయాలి.

శనగపప్పు మన ఇళ్లకు కొత్త కాదు. దాల్చా చేయడం మన అమ్మలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మటన్ ఎముక లేకపోతే దాల్చా కాదు అనే పట్టుదల మాత్రం వదులుకోవాలి. సొరకాయ, చింతపండు, శనగపప్పుతో వండిన దాల్చా అన్నంలోకి సరిపోతుంది. ధాన్యంలో తక్కువగా ఉన్న ప్రోటీన్ భాగం పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువగా ఉన్నది ధాన్యంలో ఉంటుంది. రెండూ కలిసినప్పుడే పూర్తి అవుతుంది. అందుకే పప్పును తినే పద్ధతి ఇదీ: అన్నం మీద పలుచటి చారు గరిటెడు కాదు, ముద్దలో పప్పు కనబడాలి.

మూడోది గుడ్డు. ఒక కిలో మటన్ ధరకు నూరుకు పైగా గుడ్లు వస్తాయి. నెలకు 48 అంటే వారానికి పన్నెండు. నలుగురికి తలా మూడు. పిల్లలకు ప్రభుత్వ బడి మధ్యాహ్న భోజనంలో గుడ్డు, చిక్కీ, రాగి జావ అందుతున్నాయి. కాబట్టి ఇంటి గుడ్లలో మొదటి హక్కు తల్లికీ, పెద్దావిడకూ ఉండాలి. ఈ మాట సంచి ఇచ్చేటప్పుడు నోటితో చెప్పాలి, లేకపోతే ఆమె తన వంతు కూడా పిల్లలకే పెట్టి తాను పచ్చడితో తింటుంది. ఇంటికి ఆధారం ఆమె ఆరోగ్యమే. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, గుప్పెడు మునగాకు వేసి ఖాగీనా చేస్తే మూడు గుడ్లు నలుగురికి కూరగా వస్తాయి.

బడికి సెలవులొచ్చే ఎండాకాలంలో, పిల్లలు రోజా ఉండే రంజాన్ నెలలో బడి గుడ్డు ఉండదు. ఆ నెలల్లో సంచిలో గుడ్లు పెంచాలి, బెల్లం, నూనె కొంత తగ్గినా సరే. కానీ మన నలభై డిగ్రీల ఎండలో నెలకు సరిపడా గుడ్లు ఒకేసారి ఇస్తే పాడైపోతాయి. దానికి మార్గం చీటీ. కుటుంబానికి నాలుగు చీటీలు ఇచ్చి, వీధిలోని గుడ్ల అంగడి వాడితో మాట్లాడి, వారానికి పన్నెండు చొప్పున తీసుకునేలా చేయవచ్చు. డబ్బు మనం అంగడి వాడికి నేరుగా కడతాం. ఇంట్లో అనుమానం వస్తే గుడ్డును నీళ్లలో వేసి చూడాలి. అడుగున పడుకుంటే తాజాది, నిలువుగా నిలబడితే పాతది, తేలితే పారేయాలి.

ఇక కూరగాయలు. వీటిని సంచిలో పెట్టలేం. కానీ ఏ కాలంలో ఏది చౌకో చెప్పగలం. వానలు పడినప్పటి నుంచి గోంగూర, తోటకూర కట్టలు చౌక. సంక్రాంతి ముందు వెనుకల అనపకాయలు, అలసంద కాయలు దిగుతాయి. ఎండాకాలం మొదట్లో చింతచిగురు వస్తుంది, పప్పులో వేస్తే చింతపండు అక్కర్లేదు. గోరుచిక్కుడు మెట్ట పైరు, ఎండను తట్టుకుంటుంది కాబట్టి మిగతావి ప్రియమైనప్పుడు కూడా అందుతుంది. మునగాకు ఏడాది పొడవునా ఉంటుంది, పక్కింటి చెట్టు నుంచి అడిగితే ఎవరూ కాదనరు. టమోటా సంగతి మన జిల్లాలో అందరికీ తెలుసు. కక్కలపల్లి మార్కెట్‌లో ధర పడిపోయిన రోజున రైతు కన్నీళ్లు పెట్టుకుంటాడు, అదే రోజున పేద ఇల్లు కడుపారా తినవచ్చు. ధర పడినప్పుడు కొని ఆ వారం ప్రతి పప్పులోనూ వేయండి. వరుగులు చేసి దాచుకుంటే రుచి మిగులుతుంది కానీ విటమిన్ సి చాలా వరకు పోతుంది. కాబట్టి తాజాగా ఉన్నప్పుడే తినడం మేలు.

ఆ విటమిన్ సి ఎందుకు ముఖ్యం? పప్పుల్లో, ఆకుకూరల్లో ఉండే ఇనుము మాంసంలో ఇనుము లాగా సులువుగా ఒంటికి పట్టదు. పక్కన పులుపు, అంటే నిమ్మరసమో టమోటానో ఉంటే ఎక్కువ పడుతుంది. టీ ఉంటే తక్కువ పడుతుంది. ఇందాక చెప్పిన నష్టం ఇదే. మన ఇళ్లలో రొట్టెను టీలో ముంచి తినడం, అన్నం తిన్న వెంటనే టీ తాగడం మామూలు. టీలోని ఒగరు పదార్థం ఆ ఇనుమును పట్టుకుని వదలదు. మనం డబ్బు పెట్టి పప్పు ఇచ్చి, అదే సంచిలో టీ పొడి పెట్టి ఆ పప్పులో ఉన్న ఇనుమును సగం వృథా చేస్తున్నట్టు. టీ మానమని నేను అనడం లేదు, అది ఆ తల్లికి పనిలో దొరికే ఒక్క విశ్రాంతి. తిండికి గంట ముందో గంట తరువాతో తాగమని చెబుదాం. ఉలవచారులో, పప్పులో నిమ్మకాయ పిండేది దించాక. పొయ్యి మీద ఉడికిస్తే విటమిన్ సి తగ్గిపోతుంది.

ఇప్పుడు ఆ ఇంట్లో ఒక రోజు చూద్దాం. ఉదయం రాగి సంగటి, ఊరిబిండి. పిల్లలు బడికి వెళ్లారు, అక్కడ మధ్యాహ్న భోజనం. ఇంట్లో తల్లి, అత్త అన్నంలోకి గోంగూర పప్పు, చెరొక ఉడికించిన గుడ్డు. సాయంత్రం పిల్లలు రాగానే వేయించిన చెనక్కాయలు, చిన్న బెల్లం ముక్క. రాత్రి నలుగురూ అన్నం, ఉలవచారు, నిమ్మరసం, టమోటా వేసిన గుగ్గిళ్లు. మరుసటి రోజు సొరకాయ దాల్చా. ఆపై రోజు మునగాకు ఖాగీనా. రంజాన్‌లో అయితే సహరీకి రాగి సంగటి, పప్పు, గుడ్డు పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా నీరసం రాదు. ఇఫ్తార్‌కు ఉడికించిన శనగలు, ఉలవ గుగ్గిళ్లు పెడితే నూనెలో వేయించినవి కొనక్కర్లేదు.

మూడు జాగ్రత్తలు. చిన్న పిల్లలకు, ముఖ్యంగా ఐదేళ్లలోపు వారికి చెనక్కాయ గింజలు ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. మెత్తగా పొడి చేసి జావలో కలపాలి. గింజ తిన్నాక దద్దుర్లు, మూతి వాపు, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఆ బిడ్డకు మళ్లీ చెనక్కాయ పెట్టకూడదు. ఇంట్లో చక్కెర వ్యాధి ఉన్న పెద్దవాళ్లుంటే బెల్లం కూడా చక్కెరలాగే లెక్క, వాళ్ల సంచిలో బెల్లం బదులు ఇంకో కిలో ఉలవలు పెట్టండి.

ముగించే ముందు దాతలకు నా మనవి. ఈ సంవత్సరం అందరికీ ఒక్కసారిగా సంచి మార్చవద్దు. పది ఇళ్లు తీసుకుని మూడు నెలలు ఇలా ఇచ్చి చూడండి. మొదట, మూడు నెలల తరువాత ఆ తల్లుల హిమోగ్లోబిన్, పిల్లల బరువు ఆరోగ్య కేంద్రంలో రాయించండి. ఉలవలు మిగిలిపోతున్నాయా, గుడ్లు పాడవుతున్నాయా, చెనక్కాయలు అమ్ముకుంటున్నారా అని ఇంటికి వెళ్లి అడగండి. అమ్ముకుంటే తిట్టకండి, అద్దెకో మందులకో ఎంత అవసరం పడిందో తెలుసుకోండి. ఆ లెక్క చూసిన తరువాతే మిగతా ఇళ్లకు మార్చాలో లేదో సంఘం నిర్ణయించుకోవచ్చు. మొదటి పది ఇళ్లకు కాయలు ఏరి, ఒలిచే పనికి మా బడి పెద్ద తరగతి పిల్లలు ఒక ఆదివారం వస్తామన్నారు. గోనె సంచులు, తెల్లగుడ్డలు మీరు తెస్తే చాలు.